ఆపిన టీవీ ఎందుకు కాలిపోతుంది?

గాలివాన వెలిసిన మర్నాడు టీవీలు బాగుచేసే కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఒకటే మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. "ఉరుములు మొదలవగానే స్విచ్ ఆపేశామండీ, అయినా పోయింది." చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. స్విచ్ నిజంగానే ఆపారు. పిడుగు వాళ్ల ఇంటిమీద పడనూ లేదు, ఎక్కడో ఊరవతల చెరువుగట్టు వైపు పడింది. అయినా టీవీ, దాని పక్కన సెట్‌టాప్ బాక్సు, మూలనున్న వైఫై రౌటరు మూడూ పోయాయి. అదే గదిలో తిరుగుతూనే ఉన్న ఫ్యానుకు మాత్రం ఏమీ కాలేదు. ఆపినవి కాలిపోయి, నడుస్తున్నది బతకడం ఏమిటని ఆశ్చర్యపోతారు. పిడుగు ఇంట్లోకి ఎలా వస్తుందో తెలిస్తే ఇందులో వింత ఏమీ కనిపించదు.

పిడుగు మన ఇంటిమీద పడనక్కర్లేదు. ఊరి బయట పొలాల మీదుగా వచ్చే 11 వేల వోల్టుల లైను మీద పడినా చాలు, దాని దగ్గర పడినా చాలు. పిడుగులో మామూలుగా 30 వేల ఆంపియర్ల దాకా కరెంటు ఉంటుంది. మన ఇంటికి వచ్చే సర్వీసు వైరులో పారేది పది, ఇరవై ఆంపియర్లు. ఆ లెక్కన పిడుగులో వెయ్యో వంతు మనవైపు తిరిగినా భరించడం కష్టమే. దీన్ని ఆపడానికే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద పింగాణీ గొట్టాల్లాంటి లైట్నింగ్ అరెస్టర్లు పెడతారు. అవి బాగుంటే పెద్ద దెబ్బను అక్కడే భూమిలోకి దింపేస్తాయి. కానీ అంత కరెంటు ఒక్కసారిగా భూమిలోకి దిగినప్పుడు ఆ చుట్టుపక్కల నేల వోల్టేజీ కూడా క్షణంపాటు అమాంతం లేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు ఎర్త్ చేసేది ఆ పరిసరాల్లోనే. అలా లేచిన వోల్టేజీలో కొంత న్యూట్రల్ తీగెక్కి ఇళ్లవైపు బయలుదేరుతుంది.

స్విచ్ ఆపితే లాభం లేకపోవడానికి కారణం ఇదే. గోడమీది స్విచ్ ఆపేది ఫేజు తీగను ఒక్కదాన్నే. న్యూట్రల్, ఎర్త్ రెండూ సాకెట్‌లోంచి ప్లగ్‌లోకి, అక్కడినుంచి టీవీలోకి ఎప్పటిలాగే కలిసి ఉంటాయి. పిడుగు దెబ్బకు ఫేజు, న్యూట్రల్ అనే తేడా లేదు, ఏ తీగ దొరికితే ఆ తీగలో వస్తుంది. ఇక ఫేజు తీగ సంగతి చూసినా, స్విచ్ లోపల విడిపోయే సందు మూడు మిల్లీమీటర్లకు మించదు. 230 వోల్టులకు అది సరిపోతుంది కానీ కొన్ని వేల వోల్టులు వస్తే నిప్పురవ్వ ఆ సందును దాటేస్తుంది.

మరి ఎంసీబీ పడిపోదా అని అడుగుతారు. పడదు. పడినా అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది. ఎంసీబీ ఎంత వేగంగా తెగినా సెకనులో వందో వంతు పడుతుంది. పిడుగు దెబ్బ సెకనులో లక్షో వంతుకు అటూ ఇటూగా వచ్చి వెళ్లిపోతుంది. ఎంసీబీ పని వైర్లు వేడెక్కి అంటుకోకుండా చూడటం. మనిషికి షాక్ కొట్టకుండా చూసేది ఆర్‌సీసీబీ. ఈ రెండూ ఇంట్లో ఉండి తీరాల్సినవే, కాకపోతే పిడుగు వాటి పద్దులోది కాదు. స్టెబిలైజరు కూడా అంతే. అది వోల్టేజీ నెమ్మదిగా పెరగడం, తగ్గడం చూసుకుంటుంది. పిడుగు వచ్చినప్పుడు టీవీ కంటే ముందు అదే పోతుంది.

ఇప్పుడు ఫ్యాను ఎందుకు బతికిందో చూద్దాం. ఫ్యానులో ఉండేది మందపాటి రాగి చుట్టలు, ఒక కెపాసిటరు. టీవీలో ఉండేవి వెంట్రుక కంటే సన్నని గీతలున్న చిప్పులు. ఇది సగం జవాబే. మిగతా సగం ఏమిటంటే, ఫ్యానుకు తీగలు ఒక్కచోటు నుంచే వస్తాయి. టీవీకి రెండు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి కరెంటు, రెండోది డిష్ నుంచో కేబుల్ ఆపరేటర్ నుంచో వచ్చే తీగ. రౌటరుకూ అంతే: ఒక పక్క అడాప్టరు, ఇంకో పక్క స్తంభం మీది పెట్టె నుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ. సీసీ కెమెరాల రికార్డరుకైతే కరెంటు కాక నాలుగో ఎనిమిదో కెమెరా తీగలు ఇంటి నాలుగు మూలల నుంచి వచ్చి చేరతాయి. గాలివాన తర్వాత కొట్టుకు వచ్చే సామానును గమనిస్తే ఎక్కువగా కనిపించేవి ఇలా రెండు దారులున్నవే.

దీన్ని ఒక ఇంటి లెక్కతో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఒక డాబా ఇల్లు. దాని ఎర్త్ గొయ్యి పాతది, నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. దగ్గరలో పడిన పిడుగులో కేవలం వెయ్యి ఆంపియర్లు ఈ ఎర్త్ గుండా దిగాయనుకుందాం. ఓమ్ సూత్రం ప్రకారం 1,000ను 20తో గుణిస్తే 20 వేల వోల్టులు. అంటే ఆ క్షణంలో ఇంటి ఎర్త్ తీగ, దానికి కలిసి ఉన్న ప్రతి లోహం 20 వేల వోల్టులకు లేస్తుంది. ఇల్లంతా కలిసి లేస్తే వచ్చిన ముప్పేమీ లేదు, తేడా లేనిచోట కరెంటు పారదు. కానీ కేబుల్ టీవీ తీగ పక్క వీధి నుంచి వస్తోంది. దాని వోల్టేజీ ఆ వీధిలో ఉన్నట్టే, దాదాపు సున్నా దగ్గర ఉంది. ఒక పక్క 20 వేలు, ఇంకో పక్క సున్నా, మధ్యలో టీవీ. సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ తీగ లోపలి చిప్పులు కొన్ని వోల్టులకే అలవాటుపడ్డవి. టీవీ బాగుచేసేవారు "హెచ్‌డీఎంఐ పోర్టు పోయిందండీ" అన్నారంటే దెబ్బ చాలాసార్లు ఈ దారిన వచ్చిందే.

కాబట్టి చేయాల్సిన పని స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకడం. దాంతోపాటే టీవీ వెనక కేబుల్ తీగను మరతిప్పి ఊడదీయాలి, రౌటరుకు వచ్చే ఇంటర్నెట్ తీగను తీసేయాలి. ప్లగ్ పీకి కేబుల్ వదిలేస్తే సగం పనే అయినట్టు. ఊడదీసిన తీగల కొసలు టీవీకి ఆనించి వదలకుండా ఒక అడుగు దూరంగా పడేయాలి. ఫైబర్ ఇంటర్నెట్ ఉన్నవాళ్లకు ఒక ఊరట ఉంది. గాజు తంతువు గుండా కరెంటు రాదు. అయితే ఫైబర్ వచ్చి చేరే డబ్బాకు అడాప్టరు ఉంటుంది, అక్కడినుంచి కంప్యూటరుకు వెళ్లే తీగ రాగిదే. ఆ అడాప్టరు పీకాల్సిందే.

ఈ పీకడమంతా ఎప్పుడు చేయాలన్నది ఇంకా ముఖ్యం. మబ్బు నెత్తిమీదికి వచ్చి ఇల్లు అదిరేలా ఉరుముతున్నప్పుడు ప్లగ్ పట్టుకోవడం అన్నిటికంటే తెలివితక్కువ పని. ఆ క్షణంలో ఆ తీగలోకి దెబ్బ వస్తే టీవీకి బదులు మన చెయ్యి దారి అవుతుంది. దూరంగా మెరుపులు కనిపిస్తూ, ఉరుము ఇంకా లీలగా వినబడుతున్నప్పుడే తీసేయాలి. ఆ సమయం దాటిపోతే టీవీని దాని అదృష్టానికి వదిలేసి దూరంగా కూర్చోవడం మేలు. టీవీ మళ్లీ కొనుక్కోవచ్చు. సాయంత్రం ఊరెళ్తున్నప్పుడు, ఎండాకాలం సెలవులకు ఇల్లు తాళం వేసేటప్పుడు ముందే పీకి వెళ్లడం ఇంకా సులువు.

అన్నిటినీ పీకలేం కదా. ఏసీ, గీజరు, ఇన్వర్టరు, బోరు మోటారు గోడకే బిగించి ఉంటాయి. రెండు తీగలనూ తెంపే మెయిన్ స్విచ్ ఉంటే ముందుగానే దాన్ని ఆపడం కొంత మేలు చేస్తుంది. కానీ దాని లోపలి సందు కూడా చిన్నదే, చిన్న దెబ్బలను ఆపుతుంది, పెద్దవాటిని ఆపలేదు. ఇలాంటి వాటికోసమే సర్జ్ ప్రొటెక్టరు అనే పరికరం ఉంది. ఎలక్ట్రీషియన్లు ఎస్‌పీడీ అంటారు. ఎంసీబీ పక్కనే అదే పట్టీ మీద బిగుస్తుంది, చూడటానికీ దాని లాగే ఉంటుంది. వోల్టేజీ మామూలుగా ఉన్నంతసేపు అది అక్కడ లేనట్టే ఉంటుంది. హద్దు మీరి లేవగానే సెకనులో కోట్ల వంతు కాలంలో తెరుచుకుని ఆ కరెంటును పక్కదారి పట్టించి, మళ్లీ మూసుకుంటుంది. ఇంటి ఉపకరణాలు సాధారణంగా 2,500 వోల్టుల క్షణిక దెబ్బను తట్టుకునేలా తయారవుతాయి. ఎలక్ట్రానిక్ సామాను కొన్ని 1,500కే లొంగిపోతాయి. మంచి ఎస్‌పీడీ తన కొసల దగ్గర వోల్టేజీని 1,500 దాటకుండా చూస్తుంది. మామూలు ఇళ్లకు టైప్ 2 అని రాసి ఉన్నది సరిపోతుంది. పైన పిడుగు కడ్డీ ఉన్న భవనాలకు, పొలాల మధ్య ఒంటరిగా తీగ లాగి కరెంటు తీసుకున్న ఇళ్లకు ఇంకా గట్టిదైన టైప్ 1 కూడా ఆలోచించాలి.

ఇంతా ఖర్చుపెట్టి బిగించాక కూడా అది పనిచేయకుండా చేసే తప్పు ఒకటుంది. చూడటానికి ఏ తప్పూ కనిపించదు, అందుకే చాలా ఇళ్లలో జరుగుతుంది. బోర్డులో చోటు లేదని ఎస్‌పీడీని పక్కనెక్కడో పెట్టి, మీటరో రెండు మీటర్లో వైరు తిప్పి అందంగా చుట్టి కలుపుతారు. ఇంత వేగంగా పెరిగే కరెంటుకు తిన్నటి వైరు కూడా అడ్డే. ఒక్కో మీటరు వైరు మీద సుమారు వెయ్యి వోల్టులు పేరుకుంటాయి. రెండు మీటర్ల వైరు వాడితే ఎస్‌పీడీ 1,500 దగ్గర ఆపినా, వైరు మీది 2,000 కలిసి ఇంట్లోకి 3,500 వెళుతుంది. ఇక పెట్టి ఏం లాభం? అందుకే ఫేజు నుంచి ఎస్‌పీడీకి, దాని నుంచి ఎర్త్ పట్టీకి వెళ్లే వైర్లు రెండూ కలిపి అర మీటరు దాటకూడదు. మలుపులు, చుట్టలు ఉండకూడదు. కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడాలి. మన ఇళ్లలాగా ఇంటికి సొంత ఎర్త్ ఉన్నచోట దీన్ని మెయిన్ స్విచ్ తర్వాత, ఆర్‌సీసీబీకి ముందు కలపడం సరైన పద్ధతి. మెయిన్ బోర్డు నుంచి టీవీ పదిమీటర్లకు మించి దూరంలో, పై అంతస్తులో ఉంటే టీవీ దగ్గర ఇంకో చిన్నది కావాలి.

ఎస్‌పీడీ ముఖాన చిన్న కిటికీ ఉంటుంది. ఆకుపచ్చ కనిపిస్తే బాగుంది. ఎరుపుకు మారితే లోపలిది దెబ్బలు తిని తిని అయిపోయిందని అర్థం, ఆ ముక్కను మార్చాలి. ఎరుపయ్యాక కూడా ఇంట్లో లైట్లు మామూలుగానే వెలుగుతాయి కాబట్టి ఎవరూ గమనించరు. తొలకరికి ముందొకసారి, పెద్ద గాలివాన తర్వాతొకసారి బోర్డు మూత తీసి చూస్తే చాలు. బజారులో స్పైక్ బస్టర్ పేరుతో అమ్మే ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో కొన్నిటిలో స్విచ్, ఎర్రదీపం తప్ప ఇంకేమీ ఉండదు. పేరు చూసి నమ్మవద్దు.

ఎస్‌పీడీ కూడా దెబ్బను పంపేది ఎర్త్‌లోకే. ఆ ఎర్త్ సరిగా లేకపోతే ఎంత ఖరీదైనది పెట్టినా వృథా. మన వైపు దీనికి ఒక చిక్కు ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో పిడుగులు వానాకాలం నడిమధ్యలో కంటే ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో, జూన్ తొలకరి రోజుల్లో, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో విరుచుకుపడతాయి. ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండిపోయి బీటలువారి ఉంటుంది. ఎర్త్ గొయ్యిలో తేమ లేకపోతే నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పిడుగులు మొదలయ్యే రోజుల్లోనే మన ఎర్త్ ఏడాదిలోకెల్లా బలహీనంగా ఉంటుందన్నమాట. ఉగాది దాటినప్పటి నుంచి వారానికోసారి ఆ గొయ్యిలో రెండు బకెట్ల నీళ్లు పోయడం మనం చేయగలిగిన పనుల్లో అన్నిటికంటే చవకైంది. చాలా ఇళ్లలో ఆ గొయ్యి ఎక్కడుందో కూడా తెలియదు. పైన బండ పరిచేసి మొక్కల కుండీ పెట్టేస్తారు.

ఎర్త్ బాగుందో లేదో చూడటానికి ఎలక్ట్రీషియన్లు ఒక పాత పద్ధతి వాడతారు. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య వంద వాట్ల బల్బు కలుపుతారు. వెలిగితే "ఎర్త్ బ్రహ్మాండంగా ఉందండీ" అంటారు. ఆ బల్బు తీసుకునేది అర ఆంపియరు కూడా కాదు. పైన చెప్పిన 20 ఓముల ఎర్త్ మీద ఆ బల్బు వల్ల పడే వోల్టేజీ సుమారు తొమ్మిది. 230లో తొమ్మిది తగ్గితే బల్బు కాంతిలో తేడా కంటికి కనిపించదు. అదే ఎర్త్ పిడుగుకు 20 వేల వోల్టులు చేసి పెట్టిన సంగతి పైన చూశాం. కాబట్టి బల్బు వెలగకపోతే ఎర్త్ లేదని ఖాయంగా చెప్పవచ్చు, వెలిగితే మాత్రం మంచి ఎర్త్ ఉందని చెప్పలేం. ఎర్త్ టెస్టరు అనే మీటరుతో కొలిచి, అయిదు ఓముల లోపు వచ్చేలా చూడమని అడగాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే ఆ బల్బు పెట్టగానే అది పడిపోతుంది, అదీ ఒక మంచి గుర్తే. ఇవేవీ మనం సొంతంగా చేసే పనులు కావు.

మేడ మీద పిడుగు కడ్డీ పెట్టించాం కాబట్టి ఇంట్లో సామానుకు ఢోకా లేదనుకునేవారు ఉన్నారు. కడ్డీ కాపాడేది గోడలను, పైకప్పును, లోపలి మనుషులను. అది లాక్కున్న పిడుగు మన నేలలోకే దిగుతుంది కాబట్టి తీగల మీద దెబ్బ పెరుగుతుందే తప్ప తగ్గదు. కడ్డీ ఎర్త్‌ను, ఇంటి ఎర్త్‌ను, డిష్ కమ్మీని నేల దగ్గర ఒకదానితో ఒకటి కలపాలి. అన్నీ కలిసి లేస్తే వాటి మధ్య తేడా రాదు. టీవీ లెక్కలో చూసింది ఇదే సూత్రం.

పిడుగు నెత్తిన వేసే నష్టాల్లో చాలావాటికి పిడుగుతో సంబంధమే ఉండదు. గాలికి కొమ్మ విరిగి లైను మీద పడినప్పుడు వీధిలో న్యూట్రల్ తీగ ఒక్కటే తెగడం వానాకాలంలో తరచూ జరుగుతుంది. అప్పుడు రెండు వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదానితో ఒకటి వరసగా కలిసిపోయి, 400 వోల్టులను పంచుకుంటాయి. పంపకం న్యాయంగా ఉండదు. ఒక ఇంట్లో రెండువేల వాట్ల గీజరు నడుస్తోంది, ఇంకో ఇంట్లో వంద వాట్ల టీవీ, లైటు మాత్రమే ఉన్నాయనుకోండి. గీజరు ఉన్న ఇంటికి ఇరవై వోల్టులు కూడా దక్కవు. టీవీ ఉన్న ఇంటికి 380 దాకా వస్తుంది. తక్కువ వాడుకునేవాడికే ఎక్కువ శిక్ష. పిడుగులా ఇది క్షణంలో పోదు, లైన్‌మన్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఎస్‌పీడీ దీన్ని ఆపలేదు సరికదా, అదే వేడెక్కి మాడిపోవచ్చు. దీనికి ఓవర్ వోల్టేజీ కటాఫ్ అనే వేరే పరికరం ఉంది. వోల్టేజీ 270 ప్రాంతం దాటగానే ఇంటిని లైను నుంచి విడదీస్తుంది. అది లేనివాళ్లు గుర్తులు పట్టాలి: గాలివానలో ఉన్నట్టుండి కొన్ని లైట్లు మరీ ప్రకాశంగా వెలిగి, పక్కింట్లో మరీ మసకబారినా, ఫ్యాను మామూలు కంటే వేగంగా హోరెత్తినా ఆలోచించకుండా మెయిన్ స్విచ్ దించేయాలి. తర్వాత 1912కు ఫోన్ చేయాలి.

మనుషుల విషయానికి వస్తే, ఇంటి లోపల ఉన్నవాళ్లకు ముప్పు తీగలు, గొట్టాల దగ్గరే. ఉరుముతున్నప్పుడు స్నానం, గిన్నెలు తోమడం వాయిదా వేయాలి. పైన ట్యాంకు, కిందికి ఇనుప గొట్టం ఉన్న పాత ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. కిటికీ ఊచలు పట్టుకుని వాన చూడటం, వసారాలో ఇనుప స్తంభానికి ఆనుకోవడం మానాలి. సెల్‌ఫోను పిడుగును పిలవదు, మాట్లాడుకోవచ్చు. చార్జరుకు తగిలించి చెవి దగ్గర పెట్టుకోవడమే తప్పు. ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలుచుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు, తలుచుకుంటూనే లోపలికి నడవాలి.

పిడుగుపాటుకు మనదేశంలో ఏటా రెండున్నర వేల మందికి పైగా చనిపోతున్నారు. అందులో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవాళ్లు, పశువులు, గొర్రెలు కాసేవాళ్లు. నేరుగా నెత్తిన పిడుగుపడి పోయేవాళ్లు వీళ్లలో చాలా తక్కువ. వేపచెట్టు మీదో తాటిచెట్టు మీదో పడిన పిడుగు మాను వెంట దిగుతూ, మాను కంటే మనిషి శరీరమే సులువైన దారి కాబట్టి పక్కకు దూకుతుంది. లేదా నేలలోకి దిగి నలువైపులా పాకుతుంది. అలా పాకేటప్పుడు ఒక్కో అడుగు దూరానికి వోల్టేజీ తగ్గుతూ పోతుంది. రెండు పాదాలు ఎడంగా ఉంటే ఒక పాదం దగ్గర ఎక్కువ, ఇంకో పాదం దగ్గర తక్కువ. ఆ తేడా కాలిగుండా ఎక్కి ఇంకో కాలిగుండా దిగుతుంది. ముందుకాళ్లకు, వెనకకాళ్లకు మధ్య దూరం ఎక్కువ, పైగా గుండె ఆ దారిలోనే ఉంటుంది కాబట్టి పశువులు దీనికి మందలు మందలుగా బలవుతాయి. చెట్టుకింద ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ కూలీలు నలుగురైదుగురు ఒకేసారి పోయారని పేపర్లో చదివే వార్తల వెనక ఉన్నది ఇదే.

పొలంలో ఉన్నప్పుడు చెట్టు కంటే మామూలు స్లాబు ఇల్లు, తలుపులు అద్దాలు మూసిన కారు, బస్సు మేలు. మోటారు గది ఆ లెక్కలోకి రాదు. చుట్టూ గోడ ఉన్నా స్టార్టరు డబ్బా, బోరు గొట్టం, పైన రేకు అన్నీ చేతికందే దూరంలో ఉంటాయి. రేకుల పందిరి, ఆటో, క్యాబిన్ లేని ట్రాక్టరు, మోటారు సైకిలు వానకు పనికొస్తాయేమో కానీ పిడుగుకు పనికిరావు. ఏ నీడా అందనప్పుడు ఒంటరి చెట్టుకు, కరెంటు స్తంభానికి, తీగ కంచెకు, నీళ్లు నిలిచిన మడికి దూరంగా జరిగి, పాదాలు రెండూ దగ్గరగా చేర్చి కుదురుగా కూర్చోవాలి. నేలమీద పడుకోకూడదు, పైన చెప్పిన తేడా ఒంటి పొడవంతా పనిచేస్తుంది. ఇలా కూర్చుంటే భద్రమని కాదు, వేరే దారి లేనప్పుడు ముప్పు కాస్త తగ్గుతుందంతే. నలుగురుంటే ఒకరికొకరు పది పదిహేను అడుగుల ఎడంగా ఉండాలి. ఒకరికి తగిలినా మిగిలినవాళ్లు సాయం చేయగలుగుతారు.

వాన పడేదాకా ఆగడం ఇంకో పొరపాటు. తొలి పిడుగులు చాలాసార్లు చినుకు కంటే ముందే వస్తాయి. కల్లంలో ఆరబోసిన మిర్చి మీద, ధాన్యం మీద పట్టా కప్పడానికి, డాబా మీది వడియాలు, బట్టలు తీయడానికి మనుషులు పరుగెత్తేది సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే. మెరుపు కనిపించినప్పటి నుంచి ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెడితే దూరం తెలుస్తుంది. ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరుము వచ్చిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉంది, తర్వాతది మన దగ్గరే పడవచ్చు. ఇంట్లోకి వెళ్లాక చివరి ఉరుము విన్నప్పటి నుంచి అరగంట ఆగాలి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేయించిన దామిని యాప్ మనం ఉన్నచోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల కదలిక చూపిస్తుంది. పట్టా కప్పాలా, ముందే రాశి పోయాలా అన్నది దాన్ని చూసి మధ్యాహ్నమే తేల్చుకోవచ్చు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని భయపడి దూరంగా నిలబడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఒంట్లో కరెంటేమీ మిగిలి ఉండదు. బురదలో, పేడలో పాతిపెడితే కరెంటు లాగేస్తుందన్నది ఉత్తమాట, ప్రాణం దక్కాల్సిన నిమిషాలు ఆ పాతడంలో పోతాయి. పిడుగు చాలాసార్లు గుండెను ఆపేస్తుంది, ఊపిరినీ ఆపేస్తుంది. పిలిస్తే పలకక, ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే రొమ్ము మధ్య రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు సెంటీమీటర్లు లోపలికి వెళ్లేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. మామూలు ప్రమాదాల్లో మూలుగుతున్నవాళ్లను ముందు చూస్తాం. పిడుగు పలువురికి తగిలినప్పుడు మూలుగుతున్నవాళ్లు చాలావరకు బతుకుతారు, చలనం లేకుండా పడిఉన్నవాళ్లనే ముందు అందుకోవాలి. ఉరుములు ఇంకా ఉంటే నీడలోకి లాగి మొదలుపెట్టాలి.

గాలివాన వెలిశాక కరెంటు రాగానే అన్నీ ఒకేసారి తగిలించవద్దు. ముందు ఒక లైటు వేసి వోల్టేజీ నిలకడగా ఉందా చూడాలి, పది నిమిషాల తర్వాత ఫ్రిజ్, ఆ తర్వాత మిగతావి. బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చినా, ఆర్‌సీసీబీ ఎత్తిన ప్రతిసారీ పడిపోతున్నా బలవంతంగా ఎత్తి కట్టేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. పెరట్లోనో వీధిలోనో తీగ తెగి పడి ఉంటే, అది చప్పుడు చేయకుండా ఉన్నా, నిప్పు రాకున్నా ముప్పై అడుగుల దూరంలోనే ఆగి పిల్లల్ని, పశువుల్ని అటు పోనివ్వకుండా కాపలా ఉండి 1912కు చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను ఆపామని లైన్‌మన్ చెప్పేదాకా కర్రతో కూడా దాన్ని కదపకూడదు. వానకు తడిసిన కర్రలోనూ కరెంటు పారుతుంది.